ముఖ్య అతిథి గారూ, మూడు నిమిషాలు చాలు

డిసెంబరు వచ్చిందంటే వరంగల్ చుట్టుపక్కల ప్రతి స్కూల్లో సున్నం డబ్బాలు బయటికొస్తాయి. లేన్లు గీస్తారు, ఇసుక గుంట తవ్వి మెత్తగా చేస్తారు, టెంట్ వాళ్లకు ఫోన్ చేస్తారు. ఇవన్నీ చూసుకునేది పీఈటీలే. నేనూ పీఈటీనే. ఆటల పోటీలు నడపడంతో పాటు ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇంకో పని కూడా నా మీద పడుతుంది. ముఖ్య అతిథిగా వచ్చేవాళ్లు రెండు రోజుల ముందు ఫోన్ చేసి, "సార్, పిల్లల ముందు ఏం మాట్లాడాలె?" అని అడుగుతారు. సర్పంచులు, బ్యాంకు మేనేజర్లు, ఎస్ఐలు, మా దగ్గర చదువుకొని ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లు, అందరూ ఇదే అడుగుతారు. నేను చెప్పే మాట కూడా ఒకటే. మూడు నిమిషాలు మాట్లాడండి. పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ పూట వాళ్లు గ్రౌండ్‌లో వాడుకోగలిగే విషయం ఒకటి చెప్పండి. ఆఖరి వాక్యంగా పోటీలు మొదలైనట్టు ప్రకటించి దిగండి.

మూడు నిమిషాలంటే కొందరికి కష్టంగా ఉంటుంది. ఇంత దూరం పిలిచి నోరు విప్పనివ్వరా అన్నట్టు చూస్తారు. అతిథిని తక్కువ చేయడానికి పెట్టిన హద్దు కాదిది. ఎదురుగా ఉన్నది కాసేపట్లో పరుగెత్తబోయే శరీరాలు కాబట్టి పెట్టుకున్న హద్దు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున ఒక పిల్ల ఎలా గడుపుతుందో చూడండి. ఏడున్నరకు స్కూలుకు వస్తుంది. తండా నుంచి వచ్చే పిల్లయితే ఆరింటికే ఇల్లు వదిలి ఉంటుంది. సగం మంది ఏమీ తినకుండా వస్తారు. తింటే పరుగెత్తలేమని భయం కొందరిది, ఇంట్లో అప్పటికి పొయ్యి వెలగకపోవడం మరికొందరిది. ఎనిమిదిన్నరకు మార్చ్‌పాస్ట్ వరసలు కడతారు. తొమ్మిదికి రావాల్సిన అతిథి పది దాటాక వస్తారు. ఆ తర్వాత జెండా, మార్చ్‌పాస్ట్, జ్యోతి, ప్రతిజ్ఞ. అక్కడి నుంచి స్వాగతోపన్యాసం, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు రావడం. ఇదంతా అయ్యేదాకా ఆ పిల్ల ఎండలో, "సావధాన్"కూ "విశ్రామ్"కూ మధ్య, కదలకుండా నిలబడి ఉంటుంది.

కదలకుండా నిలబడటమే అసలు ప్రమాదం. నిలబడినప్పుడు రక్తం బరువుకు కాళ్లలోకి దిగుతుంది. దాన్ని తిరిగి గుండెకు నెట్టేది పిక్కల కండరాలు. నడుస్తున్నప్పుడు ప్రతి అడుగుకూ పిక్క బిగుసుకొని రక్తాన్ని పైకి పిండుతుంది. బొమ్మలా నిలబడితే ఆ పిండటం ఆగిపోతుంది. రక్తం కాళ్లలోనే నిలిచిపోయి, మెదడుకు అందేది తగ్గుతుంది. దానికి ఎండ, ఖాళీ కడుపు, తాగని నీళ్లు తోడైతే పిల్లలు సొమ్మసిల్లి పడిపోతారు. పడిపోవడానికి ముందు గుర్తులు కనిపిస్తాయి. మాటిమాటికీ ఆవలింతలు వస్తాయి, పెదవులు తెల్లబడతాయి, నుదుటి మీద చల్లటి చెమట పడుతుంది, మనిషి కొంచెం ఊగుతున్నట్టు ఉంటుంది. అలాంటి పిల్లను వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోవాలి. చుట్టూ మూగకూడదు. తేరుకోగానే లేపి నిలబెట్టకూడదు. ఒకటి రెండు నిమిషాల్లో పూర్తిగా తెలివి రాకపోయినా, పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలినా ఇక ఆస్పత్రికే. వరసల వెనక నిలబడే టీచర్లకు ఈ గుర్తులు ముందే చెప్పి పెడతాను. వేదిక మీద ఉన్నవాళ్లకు ముందు వరస తప్ప వెనకది కనిపించదు.

రెండో సంగతి వార్మప్. ఇది చాలామంది అతిథులకు తెలియదు, తెలియకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. కాస్త జాగింగ్ చేసి, చేతులూ కాళ్లూ ఆడించి, చిన్న చిన్న ఉరుకులు పెడితే కండరాలు వేడెక్కుతాయి. వేడెక్కిన కండరం త్వరగా ముడుచుకుంటుంది, గట్టిగా తన్నగలుగుతుంది. ఊరికే నిలబడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ వేడిలో చాలా భాగం దిగిపోతుంది. చలికాలం పొద్దున ఇంకా త్వరగా దిగుతుంది. చాలా స్కూళ్లలో పొద్దున్నే వార్మప్ చేయించి, పిల్లలను వరసల్లో నిలబెట్టి, గంటసేపు ఉపన్యాసాలు వినిపించి, ప్రారంభం కాగానే నేరుగా 100 మీటర్ల హీట్స్‌కు, అంటే ఫైనల్‌కు ముందు పెట్టే తొలి పరుగులకు పిలుస్తారు. చల్లబడ్డ కాళ్లతో ఆ పిల్ల ఒక్కసారిగా పూర్తి వేగం అందుకోవాలి. తొడ వెనక కండరం పట్టేసిందని కూలబడేది ఇలాంటి పరుగుల్లోనే ఎక్కువ. సరైన క్రమం చాలా సులభం. ముందు ఉపన్యాసం, ప్రకటన. ఆ తర్వాత వార్మప్‌కు పావుగంట. అది అవగానే మొదటి హీట్. ఆ పావుగంట మిగలాలంటే వేదిక మీద సమయం పొదుపుగా వాడాలి.

ఆలస్యం దెబ్బ అందరికంటే ఎక్కువగా పడేది దూరం పరుగుల పిల్లల మీద. పొట్టి పరుగులు ముందు పెడతారు, 600, 800 మీటర్లు ఆ తర్వాత. ప్రారంభోత్సవం 50 నిమిషాలు సాగితే ఆ 50 నిమిషాలూ జరిగి జరిగి చివరికి 800 మీటర్ల అమ్మాయి నెత్తిన పడతాయి. పదకొండు దాటగానే పరుగెత్తాల్సిన పిల్ల పన్నెండింటి ఎండలో పరుగెత్తుతుంది. అతిథి అప్పటికి కారెక్కి వెళ్లిపోయి ఉంటారు.

మైకు సంగతి కూడా చెప్పాలి, కొద్దిగానే. 400 మీటర్ల ట్రాక్ ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 177 మీటర్లు ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రెండు చివర్లా రెండు హారన్లు కడితే, ఒక చివర ఉన్నవాళ్లకు అవతలి హారన్ మాట దగ్గరి హారన్ మాట కంటే అర సెకను ఆలస్యంగా చెవిన పడుతుంది. ఆ అర సెకనులో మాట్లాడేవాళ్లు ఇంకో మాట అనేసి ఉంటారు. రెండూ కలగాపులగమైపోతాయి. అందుకే గ్రౌండ్‌లో పొడుగు వాక్యాలు పనికిరావు. ఆరేడు మాటల వాక్యం చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఇంకో వాక్యం. ఇలా ఆగుతూ మాట్లాడితే మూడు నిమిషాల్లో రెండు వందల పైచిలుకు మాటలు పడతాయి. కాగితం మీద రాస్తే ఒక పేజీ.

ఇక ఆ ఒక్క పేజీలో ఏముండాలి? ఇక్కడే నాకు చాలామంది పెద్దలతో పేచీ.

మామూలుగా వినిపించే ఉపన్యాసం మొదటి నిమిషమంతా వేదిక మీది పేర్లకే పోతుంది. తర్వాత ఆరోగ్యమే మహాభాగ్యం అంటారు. చదువుతో పాటు ఆటలూ ముఖ్యం అంటారు. గెలుపోటములు సహజం అంటారు. మీలోంచి ఒక ఒలింపిక్ విజేత రావాలి అంటారు. ఒక్కటీ తప్పు మాట కాదు. కానీ ఎదురుగా ఉన్న పిల్లలు ఎవరో ఒకసారి లెక్క వేసుకోండి. అండర్-14 బాలికల 100 మీటర్లకు 48 మంది పేర్లు ఇచ్చారనుకుందాం. మా గ్రౌండ్‌లో 6 లేన్లు. అంటే 8 హీట్స్. ఫైనల్‌కు 6 మంది వెళ్తారు. పొద్దున పదకొండు కాకముందే 42 మంది ఆట అయిపోతుంది. సాయంత్రానికి మెడల్ మెడలో ఉండేది ముగ్గురికి. ఒలింపిక్ విజేత కావాలన్న మాట ఆ ముగ్గురికైనా అందుతుందో లేదో, మిగిలిన 45 మందికి మాత్రం ఏ రకంగానూ అందదు. ఉపన్యాసం ముందుగా ఆ 45 మందిని దృష్టిలో పెట్టుకొని రాయాలని నేను గట్టిగా నమ్ముతాను. వచ్చే ఏడాది మళ్లీ గ్రౌండ్‌కు రావాలా వద్దా అన్న ప్రశ్న ఎదురయ్యేది వాళ్లకే.

ఈ మధ్య మా వైపు ప్రతి అతిథీ జీవాంజి దీప్తి పేరు ఎత్తుతున్నారు. ఎత్తాల్సిందే. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి, కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. కానీ ఆమె గురించి ఎలా చెబుతున్నారన్నదే నన్ను బాధపెడుతుంది. "ఆ అమ్మాయే చేయగలిగినప్పుడు మీరెందుకు చేయలేరు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న దీప్తిని పైకెత్తినట్టే ఉంటుంది, నిజానికి కిందికి లాగుతుంది. ఆమె నుంచి మనం ఏమీ ఆశించలేదని చెప్పినట్టే అది. వరసలో అలాంటి ఇబ్బందే ఉన్న పిల్లలుంటే వాళ్లకు అది ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. ఆమె పరుగు గురించి చెప్పండి. చెప్పడానికి కావలసినంత ఉంది.

2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అక్కడ దీప్తి 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచింది. సెప్టెంబరులో పారిస్ ఫైనల్‌లో ఆమె టైమ్ 55.82. మూడో స్థానం. బంగారం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి టైమ్ 55.16. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కోబెలో పరుగెత్తినట్టే పారిస్‌లోనూ పరుగెత్తి ఉంటే బంగారం దీప్తిదే. బంగారానికీ ఆమెకూ మధ్య తేడా 0.66 సెకను, ఆ వేగంలో అది ఐదు మీటర్ల లోపు దూరం. అంత గొప్ప రన్నర్‌కు కూడా ఏడాదిలో తన అత్యుత్తమ పరుగు కావలసిన రోజే రాలేదు. అయినా ఆమె పోడియం ఎక్కింది. పొద్దున హీట్‌లో నాలుగో స్థానంలో వచ్చి టెంట్ వెనక ఏడుస్తున్న పిల్లకు ఈ సంగతి ఉపయోగపడుతుంది. గెలుపోటములు సహజం అన్న మాటలో ఉన్న అర్థమే ఇది. కాకపోతే ఇందులో మన ఊరి పక్క ఊరు ఉంది, సెకన్లున్నాయి, నమ్మడానికి ఆధారం ఉంది.

ఇంకో ఉదాహరణ హనుమకొండలోనే ఉంది. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అక్కడ మహిళల 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి కొత్త జాతీయ రికార్డు పెట్టింది. పాత రికార్డు సునీతా రాణిది, 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో పెట్టింది, 4 నిమిషాల 6.03 సెకన్లు. 19 ఏళ్లు ఎవరికీ లొంగని రికార్డు సెకను కంటే తక్కువ తేడాతో మన హనుమకొండ ట్రాక్ మీద చెరిగిపోయింది. మా జిల్లా పిల్లలు జిల్లా పోటీలకు వెళ్లి కాలు పెట్టేది ఆ ట్రాక్ మీదే. ఈ సంగతి తెలిసిన పిల్లలు చాలా తక్కువ. ఎవరో ఒకరు చెబితేనే కదా తెలిసేది.

అయితే రెండు ఉదాహరణలూ ఒకే ఉపన్యాసంలో పెట్టవద్దంటాను. ఒకటి చాలు. అన్నిటికంటే మంచిది అతిథి సొంత అనుభవం, ఉంటే.

అలా ఉన్న ఒక అతిథి సంగతి చెబుతాను. మా స్కూల్లోనే చదివి, ఇప్పుడు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేస్తున్న ఆవిడ. చదువుకునే రోజుల్లో 800 మీటర్లు పరుగెత్తేది. హెచ్ఎం మేడం ఆవిడను పిలుద్దామన్నారు. ఫోన్ చేసి, "సార్, ఏం చెప్పాలె? కష్టపడితే ఏదైనా సాధించొచ్చని చెప్తా, సరేనా?" అంది.

"అది అందరూ చెప్తరమ్మా. నువ్వు మొదటిసారి జిల్లాకు పోయినప్పుడు ఏమైందో అది చెప్పు" అన్నాను.

"అయ్యో, అది ఓడిపోయిన ముచ్చట కదా సార్!"

"అందుకే చెప్పమంటున్న."

ఇద్దరం కూర్చొని రాశాం. నేను రాసింది తక్కువ, ఆవిడ చెప్పిందే ఎక్కువ. చివరికి కాగితం మీద ఉన్నది ఇది:

"పిల్లలూ, అందరూ కూసోండి. మంచినీళ్లు తాగాలనుకునేటోళ్లు తాగండి. వేదిక మీది పెద్దలకు, మా టీచర్లకు నమస్కారం.

నేను ఇదే గ్రౌండ్‌ల ఉరికిన. 800 మీటర్లు. తొమ్మిదో తరగతిల జిల్లాకు పోయిన. మొదటి రౌండ్‌ల అందరికంటే ముందు నేనే. చాలా సంతోషమైంది. రెండో రౌండ్‌ల ఒక్కొక్కరు నన్ను దాటిపోయిన్రు. ఏడో స్థానం వచ్చింది. బస్‌ల ఏడ్సుకుంట ఇంటికొచ్చిన.

సోమవారం మా సారు గడియారం పట్టుకొని నిలబడ్డరు. నీకు బలం తక్కువ లేదన్నరు. మొదటి రౌండ్‌లనే మొత్తం ఖర్చు పెడుతున్నవన్నరు. రెండు రౌండ్లు ఒక్కతీరు ఉరకడం నేర్పిచ్చిన్రు. తర్వాతి ఏడు మూడో స్థానం వచ్చింది.

ఇయ్యాల 400, 600, 800 ఉరికేటోళ్లు వినండి. మొదటి వంద మీటర్లు మీకు చాలా తేలికనిపిస్తది. అప్పుడే ఆపుకోండి. పక్కోళ్లు ముందుకు పోతే పోనియ్యండి. వంద మీటర్లోళ్లు గీత దాటేదాకా పక్కకు చూడకండి. లాంగ్ జంప్‌ల మొదటిది ఫౌల్ అయితే భయపడకండి. మీ గుర్తు కొంచెం వెనక్కి జరుపుకొని ఉరకండి.

సాయంత్రానికి మీల చాలామందికి మెడల్ రాదు. మొదటిసారి నాకు కూడా రాలే. కానీ మీ టైమ్ మీకు వస్తది. సార్‌ను అడిగి నోట్‌బుక్‌ల రాసుకోండి. వచ్చే ఏడు దాని కంటే తక్కువ రావాలె. నేను వచ్చి చూస్త.

ఈ పోటీలు ప్రారంభమైనయని ప్రకటిస్తున్న."

ఆవిడ ఆగుతూ, తొందరపడకుండా చదివినా మూడు నిమిషాలు దాటలేదు.

ఈ కాగితంలో మొదటి మాట "కూసోండి" అన్నది కావాలని పెట్టిందే. ముఖ్య అతిథి చెబితే కూర్చోబెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పీఈటీ చెబితే క్రమశిక్షణ పోతుందని అనేవాళ్లుంటారు. పిల్లలు కూర్చుంటే పైన చెప్పిన ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మైకు వైపు చూసే ఓపిక కూడా పెరుగుతుంది.

భాష సంగతి కూడా ఆవిడతో మాట్లాడాను. మొదట ఆవిడ పుస్తకంలో ఉన్నట్టు రాసుకొచ్చింది. "క్రీడాస్ఫూర్తి", "అకుంఠిత దీక్ష" లాంటి మాటలున్నాయి. ఆరో తరగతి పిల్లకు అవి అర్థం కావు, ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు అసలే అందవు. వాళ్లతో బడి బయట ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడమన్నాను. ఆవిడ గొంతు కూడా అప్పుడే సహజంగా వచ్చింది.

మేం తీసేసినవి కూడా చెబుతాను. రైల్వే ఉద్యోగం ఎలా వచ్చిందన్న భాగం తీసేశాం. ఆటలు ఆడితే ఉద్యోగం వస్తుందని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. స్పోర్ట్స్ కోటా నిజమే, దానితో బాగుపడ్డ కుటుంబాలు నాకు తెలుసు. కానీ ఆ కోటాకు కావలసిన స్థాయి రాష్ట్ర, జాతీయ పతకాల స్థాయి. స్కూల్ గ్రౌండ్‌లో నిలబడి 300 మంది పిల్లలకు ఆ ఆశ పెడితే, అది తీరేది వాళ్లలో ఏ ఒకరిద్దరికో. ఆ సంగతి తల్లిదండ్రులతో, ఎదుగుతున్న పిల్లలతో విడిగా కూర్చొని చెప్పాల్సింది. ఇంటర్ పిల్లల పోటీలైతే అందులో కొంత చెప్పవచ్చు. పదో తరగతి లోపు పిల్లలకు వద్దు.

"నాకు కూడా రాలే" అన్న మాట దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. వేదిక మీద నిలబడి ఆ మాట అనడం కష్టమే. అయినా ఉంచింది. ఆ ఒక్క మాటతో వెనక వరసల్లో గుసగుసలు ఆగాయి.

టైమ్ రాసుకోండి అని అతిథి చెప్పాక, టైమ్ ఇవ్వాల్సిన బాధ్యత మా మీద పడుతుంది. ఇది మాటలతో అయ్యేది కాదు. మామూలుగా మొదటి ముగ్గురికే టైమ్ తీస్తారు, ఎందుకంటే స్టాప్‌వాచీలు మూడే ఉంటాయి. మేం ముగింపు గీతకు సరిగ్గా ఎదురుగా ఒక ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి వీడియో తీస్తున్నాం. పరుగు మొదలైన క్షణం కూడా అదే వీడియోలో పడేటట్టు ఇంకో టీచర్ గీత దగ్గర నిలబడి, స్టార్టర్‌ను చూసి జెండా దించుతాడు. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేముకు దాదాపు 0.03 సెకను. జెండా దించడంలో మనిషి ఆలస్యం కలిపితే తప్పు ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి వందో వంతు సెకనుల్లో చెప్పుకోవడానికి పనికిరాదు, పదో వంతుల్లో రాసుకోవడానికి సరిపోతుంది. రికార్డు అని ఎక్కడా రాయం. ఏడో తరగతి పిల్లకు కావలసింది తన పోయినేటి పరుగుతో పోల్చుకునే ఒక అంకె. ప్రతి ఏడూ అదే పద్ధతిలో, అదే మనిషి జెండా దించితే ఆ పోలికకు నమ్మకం ఉంటుంది.

ఇక అభ్యంతరాల దగ్గరికి వస్తాను. హెచ్ఎంలు సాధారణంగా అనేది ప్రోటోకాల్ గురించి. వేదిక మీద ఎంఈవో గారు, సర్పంచ్ గారు, స్కూల్ కమిటీ చైర్మన్, దాతలు ఉంటారు. అందరి పేర్లూ చెప్పకపోతే నొచ్చుకుంటారు, అందరికీ మైకు ఇవ్వకపోతే ఇంకా నొచ్చుకుంటారు. ఈ భయం ఉత్తదేం కాదు. గ్రౌండ్‌కు గేటు పెట్టించిన దాత మనసు కష్టపెట్టుకుంటే మరుసటి ఏడు షాట్‌పుట్ గుండు కొనడానికి డబ్బు ఎవరిస్తారు? నేను చూసినంతలో దీనికి పని చేసిన దారి ఒకటుంది. పేర్లన్నీ స్వాగతం చెప్పే టీచర్ ఒక్కరే, గౌరవంగా, పూర్తి హోదాలతో చదువుతారు. ఆ తర్వాత మాట్లాడేవాళ్లెవరూ మళ్లీ చదవరు. మైకు ముఖ్య అతిథికి ఒక్కరికే. మిగిలిన పెద్దలకు పని ఇస్తాం. ఒకరు జ్యోతి అందుకుంటారు, ఒకరు బెలూన్లు వదులుతారు, ఒకరు మొదటి హీట్‌కు జెండా ఊపుతారు, మిగిలినవాళ్లు సాయంత్రం ఒక్కో విభాగానికి మెడల్స్ వేస్తారు. ఫొటోలో అందరూ పడతారు. ఉపన్యాసం ఇవ్వలేదని చిన్నబుచ్చుకున్న సర్పంచ్ గారిని నేను చూడలేదు కానీ, మెడల్ వేయడానికి పిలవలేదని అలిగినవాళ్లను చూశాను.

మూడు నిమిషాలంటే సభకు నిండుదనం ఉండదని ఇంకొందరు అంటారు. ఒలింపిక్స్‌ను ప్రారంభించేటప్పుడు ఆతిథ్య దేశాధినేత పలికేది ఒక్క వాక్యం. ఆ వాక్యం ఒలింపిక్ చార్టర్‌లోనే రాసి ఉంటుంది. ఫలానా నగరంలో ఫలానా ఒలింపియాడ్ క్రీడలు ప్రారంభమైనట్టు ప్రకటిస్తున్నాను అని, అంతే. 2024లో పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు చెప్పిందీ అదే. వాళ్ల సభకు లేని వెలితి మన మండల పోటీల సభకు ఎందుకు ఉంటుంది?

ఆ ప్రకటన వాక్యం గురించి ఒక జాగ్రత్త. చాలామంది అతిథులు బాగా మాట్లాడి, ధన్యవాదాలు చెప్పి కూర్చుండిపోతారు. పోటీలు మొదలైనట్టు ప్రకటించడం మరిచిపోతారు. వ్యాఖ్యాత మళ్లీ పిలవాలి, బెలూన్లు పట్టుకున్న పిల్లలు దిక్కులు చూస్తారు, ఎవరో ముందే వదిలేస్తారు. అందుకే కాగితంలో ఆ వాక్యం కింద గీత గీసి, దాని తర్వాత ధన్యవాదాలు కూడా రాయను. ఆ వాక్యంతోనే బ్యాండు మోగాలి. బ్యాండు పిల్లలకు కూడా ముందే చెబుతాం, "ప్రకటిస్తున్న" అన్న మాట వినపడగానే కొట్టమని.

ఆ తర్వాత అతిథిని వెంటనే పంపించవద్దు. టీలు, టిఫిన్లు ఆఫీసు గదిలో పెట్టి అటే తీసుకుపోతారు. అది తర్వాత పెట్టుకోవచ్చు. పిల్లలు వార్మప్ చేసే పావుగంట గ్రౌండ్ చుట్టూ తిప్పండి, ఇసుక గుంట చూపించండి, మొదటి రెండు హీట్స్‌కు ముగింపు గీత దగ్గర నిలబెట్టండి. కాజీపేట ఆవిడ అలాగే నిలబడింది. రెండో హీట్‌లో చివరగా వచ్చిన అమ్మాయి దగ్గరికి వెళ్లి, "నీ టైమెంత?" అని అడిగింది. ఆ పిల్లకు తెలియదు. ఇద్దరూ కలిసి ఫోన్ పెట్టిన టీచర్ దగ్గరికి నడిచారు. 17.4 సెకన్లు అని చెప్పాడాయన. నోట్‌బుక్ బ్యాగులో ఉందని ఆ పిల్ల తరగతి గదుల వైపు ఉరికింది.